ఫాదరుగారు వచ్చుచున్నారని బంధువులకు తెలుపుట



ఆసుపత్రిలో పెద్దవారొకరు మంచము పట్టి, వైద్యుడు ఇంటివారిని బయటికి పిలిచి మెల్లగా విషయము చెప్పిన తరువాత, కథోలిక కుటుంబమువారిమీద పడు పనులలో చూచుటకు మిక్కిలి చిన్నదియు, చేయుటకు మిక్కిలి చిక్కైనదియు ఒకటి కలదు. విచారణ గురువు వచ్చి రోగికి అవస్థ అభ్యంగనము ఇయ్యబోవుచున్నారని ఊరనున్న బంధువులకును, పరదేశములలో నున్న బిడ్డలకును కబురు పంపుటయే ఆ పని. నాలుగు వాక్యముల కబురే కదా అని తోచును. కాని ఆ నాలుగు వాక్యములు సరిగా లేకపోయినచో, బ్రదికియున్న మనిషికి ఊరిలో చావుగంట మ్రోగుటయు, అతడు కన్నులు తెరచి చూచుచుండగనే మంచముచుట్టు ఏడ్పులు మొదలగుటయు జరుగును. చాలకాలము ఉపదేశిగా ఫాదరుల వెంట ఆసుపత్రుల మెట్లెక్కినవాడను గనుక, ఈ కబురు ఎట్లుండవలెనో, దానివెనుక నున్న సంగతులేవో, నేడు మీతో ముచ్చటింప దలచితిని.

మొదట భయము సంగతి. మా చిన్నతనమున పల్లెలలో ఫాదరుగారు రాత్రివేళ రోగి యింటికి వచ్చుచున్నారనగా ఊరెల్ల మేల్కొనెడిది. ముందు ఉపదేశి లాంతరు పట్టుకొని చిన్నగంట వాయించుచు నడచెడివాడు. వెనుక గురువు దివ్యసత్ప్రసాదమును రొమ్మున హత్తుకొని మౌనముగా వచ్చెడివారు. గంట విన్నవారు వాకిళ్ళలో మోకాళ్ళూని సిలువగుర్తు వేసికొనెడివారు. ఆ గంట ఏ యింటిముందు ఆగెనో ఆ యింట ఇక ఆశలేదని అందరు నిశ్చయించుకొనెడివారు. ఆ నిశ్చయము అబద్ధమును కాదు. ఏలయన ఆనాడు ఇంటివారు ప్రాణము కంఠమునకు వచ్చువరకు గురువును పిలిచెడివారు కారు. పిలిచినచో రోగి బెదరునని ఆగుట, ఆగినందున గురువు వచ్చునప్పటికి రోగికి మాట పడిపోవుట, మాట పడిపోయిన తరువాతనే గురువు వచ్చును గనుక గురువు రాకయే మరణసూచన యగుట, ఇట్లు ఆ భయము తన్ను తానే నిజము చేసికొనుచు తరతరములుగా నడచినది. నేటికిని చదువుకొన్న కుటుంబములలో సైతము "ఫాదరుగారిని అప్పుడే పిలవకండి, నాన్న అధైర్యపడతాడు" అను మాట వినబడుచునే యున్నది.

శ్రీసభ అభిప్రాయము వేరు. యాకోబు వ్రాసిన లేఖ ఐదవ అధ్యాయమున, రోగియైనవాడు సంఘపు పెద్దలను పిలిపించుకొనవలెననియు, వారు ప్రభువు నామమున తైలము పూసి ప్రార్థింపవలెననియు ఉన్నదేకాని, శ్వాస ఆగబోవువరకు వేచియుండవలెనని ఎచ్చటను లేదు. 1963లో రెండవ వాటికన్ మహాసభ, ఈ సంస్కారము కేవలము మరణముఖమున నున్నవారికే కాదనియు, వ్యాధిచేతగాని వార్ధక్యముచేతగాని ప్రాణాపాయము ఆరంభమైనప్పుడే దీనికి తగిన కాలము వచ్చినదనియు తేటగా తెలిపినది. తరువాత 1972లో ఆరవ పౌలు పోపుగారు విధిని కొంత సులభము చేసిరి. పూర్వము కన్నులు, చెవులు, ముక్కు, పెదవులు, చేతులు, పాదములు అని ఒక్కొక్కటిగా పూయుచుండిన తైలము ఇప్పుడు నొసటను రెండు చేతులను పూసిన చాలును. అత్యవసరమైనచో నొసట నొక్క స్పర్శయే చాలును. ఒలీవనూనె దొరకనిచోట మొక్కలనుండి తీసిన మరియొక నూనెను వాడవచ్చును. అభ్యంగనము పొందినవాడు కోలుకొని మరల జబ్బుపడినచో మరల పొందవచ్చును. అదే జబ్బు మునుపటికంటె ముదిరినను పొందవచ్చును. కావున నిరుడు ఒకసారి పొందెను గనుక ఇప్పుడు అక్కరలేదనుటయు, ఇప్పుడు పొందినచో ఇక లేవడనుటయు, రెండును పొరపాటులే.

ఇక ఒక కుటుంబము సంగతి చెప్పెదను, పేర్లతో పనిలేదు. గుంటూరులోని ఒక ఆసుపత్రిలో, ఎనుబదియేండ్లు దాటిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఊపిరితిత్తుల జబ్బుతో అత్యవసర విభాగమున నుండెను. ముక్కుకును నోటికిని బిగించిన మాస్కుద్వారా యంత్రము గాలిని లోనికి నెట్టుచుండెను. గొంతులోనికి గొట్టము వేసి వెంటిలేటరు పెట్టినను దానిని తిరిగి తీయుట సాధ్యము కాదనియు, ఆయాసము తగ్గించు మందులతో నెమ్మదిగా నుంచుటయే మేలనియు, మిగిలినది కొన్ని దినములు మాత్రమేననియు వైద్యుడు రెండవ కుమారునితో చెప్పెను. ఆ కుమారుడు లోనికి వెళ్ళి ఏమి చెప్పవలెనో తోచక నిలుచుండగా, తండ్రియే మాస్కు కొంచెము ప్రక్కకు తీయించుకొని, "ఫాదరు గారికి చెప్పావా?" అని అడిగెను. అది మేలైన ప్రారంభము. ఏలయన సగము కుటుంబములలో ఈ ప్రశ్నకు ముందే అబద్ధములు చోటుచేసికొని యుండును.

కుమారుడు వెంటనే విచారణ గురువునకు ఫోను చేసెను. తరువాత కుటుంబమువారి వాట్సాప్ గ్రూపులో ఈ విధముగా వ్రాసెను: "నాన్నకి ఫాదరు గారు అవస్థ ఇస్తున్నారు. అందరూ ప్రార్థన చేయండి." ఇందులో ఒక్క అక్షరమును అబద్ధము లేదు. అయినను అర్ధగంటలోపల నాలుగు దిక్కుల నాలుగు అనర్థములు పుట్టెను. పల్లెలోని పినతండ్రి, అన్నగారి ప్రాణము పోయినదని యెంచి, గుడిలో గంట కొట్టింపుమని ఉపదేశికి మనిషిని పంపెను. కువైట్‌లోని పెద్దకుమారుడు భూస్థాపనకు అందుకొనుటకై విమానపు టిక్కెట్టు వెదకుచు, తమ్మునికి ఫోనుమీద ఫోను చేసెను; తమ్ముడు ఆ సమయమున వైద్యునియొద్ద నుండి ఫోను తీయలేదు గనుక ఆ మౌనమే అతనికి సమాధానమయ్యెను. హైదరాబాదునుండి బయలుదేరిన కుమార్తె భర్త హిందువు, అతడు ఆసుపత్రికి ఫోను చేసి, "మందులు ఆపేశారా?" అని నర్సును గద్దించెను. లూథరను సంఘమునకు చెందిన మేనత్త, "నూనె పూసినంత మాత్రాన ఏమవుతుంది, అందరం కలిసి స్వస్థత కోసం ప్రార్థిద్దాం" అని దీర్ఘమైన సందేశమొకటి పంపెను. గుంటూరు ప్రాంతమున లూథరను కుటుంబములును కథోలిక కుటుంబములును వియ్యమందుట క్రొత్తకాదు. ఆమె మాటలో ద్వేషమేమియు లేదు, తెలియకపోవుటయే ఉన్నది.

ఈ నలువురి కలవరపాటును కొంచెము పరికించినచో, కబురులో ఏమి లోపించినదో తెలియును. మనిషి బ్రదికియున్నాడా అన్నది మొదటివానికి తెలియలేదు. ఎంత వ్యవధి గలదన్నది రెండవవానికి తెలియలేదు. ప్రార్థన వచ్చినందున వైద్యము పోయినదా అన్నది మూడవవానికి తెలియలేదు. అక్కడ జరుగునదేమో, అందులో తన స్థానమేమో నాలుగవ ఆమెకు తెలియలేదు. ఫాదరుగారికంటె ముందుగా ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి వెళ్ళి రాకపోకల ఏర్పాట్లు చూడవలసియుండుటచేత, నేను ఆ కుమారుని ప్రక్కన కూర్చుంటిని. ఇద్దరము కలిసి రెండవ కబురు వ్రాసితిమి. అది ఇట్లున్నది:

"అందరికీ వందనాలు. నాన్నగారు ప్రాణాలతో ఉన్నారు, తెలివిలోనే ఉన్నారు, మనుషుల్ని గుర్తుపడుతున్నారు. ఊపిరితిత్తుల జబ్బు బాగా ముదిరిందని, ఇక నయమయ్యే దారి లేదని, కొద్దిరోజులే ఉండొచ్చని డాక్టరుగారు ఈ ఉదయం చెప్పారు. ఆక్సిజన్, ఆయాసం తగ్గించే మందులు అలాగే నడుస్తున్నాయి, ప్రార్థన కోసం ఏదీ ఆపలేదు. ఫాదరు గారిని పిలవమని నాన్నగారే అడిగారు. ఈ సాయంత్రం ఐదు గంటలకు, అంటే కువైట్‌లో మధ్యాహ్నం రెండున్నరకు, మన విచారణ ఫాదరు గారు వచ్చి నాన్నగారి పాపసంకీర్తనం విని, నుదుటికి, చేతులకి పవిత్ర తైలం పూసి, మింగగలిగితే దివ్యసత్ప్రసాదం ఇస్తారు. మొత్తం అరగంట పట్టొచ్చు. లోపల కొద్దిమందినే ఉండనిస్తారు. అమ్మ, చెల్లాయి ఉంటారు. మిగతావాళ్ళు వస్తే కింద వరండాలో కూర్చుని జపమాల చెప్పుకోవచ్చు. అన్నయ్యా, పాపసంకీర్తనం అయిపోయాక ఫోను కలుపుతాను, నువ్వు చూడొచ్చు. బాబాయిగారూ, దయచేసి గుడిగంట కొట్టించకండి. మన సంఘం కానివాళ్ళు, బావగారు కూడా నిశ్చింతగా రావచ్చు, ప్రత్యేకంగా చేయాల్సిందేమీ లేదు. నాన్నగారి ముందు మాత్రం ఎవరూ ఏడవొద్దు. రాలేనివాళ్ళు ఐదు గంటలకు ఉన్నచోటనే ప్రార్థించండి. ఏ విషయమైనా ఇక్కడ నేనే రాస్తాను, అమ్మకి, ఆసుపత్రికి ఫోన్లు చేయకండి."

ఇందలి మొదటి వాక్యమును చూడుడు. మంచి వార్తనో చెడ్డ వార్తనో చెప్పుటకు ముందు అది ఒక స్థితిని చెప్పుచున్నది: బ్రదికియున్నారు, తెలివిలో నున్నారు. ఫోను తెరమీద కబురు మొత్తము కనబడదు, మొదటి రెండు పంక్తులే కనబడును. ప్రయాణములో నున్నవాడు ఆ రెండు పంక్తులే చదివి గుండె చిక్కబట్టుకొనును. కావున అవస్థ, అభ్యంగనము, ఫాదరు అను మాటలు మొదటి పంక్తిలో రాకుండుట మేలు. అట్లని నిజమును దాచుటయు తగదు. "కొంచెం నలతగా ఉంది, ఫాదరు గారు ఊరికే చూడ్డానికి వస్తున్నారు" అని వ్రాసిన కుటుంబములను నేనెరుగుదును. ఆ మాట నమ్మి సెలవు పెట్టక ఆగిపోయిన బిడ్డ, తరువాత జీవితాంతము తమ్ముని క్షమింపలేడు. వైద్యుడు ఏ మాట చెప్పెనో ఆ మాటనే, వైద్యుడు చెప్పెనని చెప్పి, వ్రాయవలెను.

మందులు నడచుచున్నవను వాక్యము కేవలము అల్లునికొరకే కాదు. ఫాదరు వచ్చుటకును వైద్యము మానుటకును సంబంధము లేదను సంగతి కథోలికులలోనే చాలమందికి తెలియదు. అభ్యంగనవేళ గురువు చేయు ప్రార్థనలో పాపవిమోచనముతోపాటు రోగిని లేవనెత్తుమను వేడుకోలును ఉన్నది. ఆ ప్రార్థన చేయువాడు సెలైను గొట్టము తీయుమని ఎట్లు కోరును? అయితే, అద్భుతముగా స్వస్థత కలుగునని బంధువులకు ఆశ చూపుటయు ఆ కబురు పని కాదు.

ఆ అల్లుని సంగతి మరికొంచెము చెప్పవలసియున్నది. అతడు మర్యాదస్తుడు. సాయంత్రము వచ్చి నన్ను ప్రక్కకు పిలిచి, "మా వైపు ప్రాణం పోయేటప్పుడు నోట్లో తులసితీర్థం పోస్తాం, ఇదీ అలాంటిదే కదండీ, మరి మామయ్యగారు మాట్లాడుతుండగానే ఎందుకు తొందర?" అని అడిగెను. పోలిక తప్పుకాదు, పోవువానికి పవిత్రమైన దానితో తోడ్పడవలెనన్న ఆర్తి రెండింటను ఒకటే. భేదమెక్కడననగా, తులసితీర్థము పోయునప్పుడు రోగి చేయవలసినది మింగుట మాత్రమే. ఇక్కడనో, రోగి మూడు పనులు తానే చేయవలసియున్నది. తన పాపములను తన నోట చెప్పుకొనవలెను, తన విశ్వాసమును తాను పలుకవలెను, దివ్యసత్ప్రసాదమును తాను స్వీకరింపవలెను. తెలివి యున్నప్పుడే ఈ మూడును సాధ్యము. ఈ మాట వినిన తరువాత అతడు మరేమియు అడుగలేదు. వరండాలో కుర్చీలు సర్దుటకు పోయెను.

చాలమంది కథోలికులకును తెలియని విషయమొకటి ఇక్కడ చెప్పెదను. కడపటి సంస్కారమనగా తైలమని మనవారి తలంపు. శ్రీసభ దృష్టిలో మరణించువాని నిజమైన కడపటి సంస్కారము తైలము కాదు, దివ్యసత్ప్రసాదము. అది పరలోకయాత్రకు పాథేయము. అందుచేత వ్యవధి మిక్కిలి కొంచెమైయుండి, రోగి మింగగల స్థితిలో నున్నచో, సంక్షిప్తమైన పాపసంకీర్తనము విన్న వెంటనే గురువు ముందుగా దివ్యసత్ప్రసాదమునే యిచ్చి, సమయ మున్నచో ఆ పిమ్మట తైలము పూయును. మింగలేని స్థితియైనచో తైలము పూయును. మన బంధువులు ఈ క్రమ మెరుగక, "ముందు నూనె రాయండి ఫాదరు గారూ" అని తొందరపెట్టుదురు. ఆ తొందరకు కారణము ప్రేమయే కాని, గురువునకు ఆయన పని విడిచిపెట్టుట మంచిది.

ఆనాడు ఐదు గంటలకని వ్రాసితిమి. ఫాదరుగారు చేరునప్పటికి ఐదున్నర అయ్యెను. ఒక్కొక్క విచారణ క్రింద పలు పల్లెలుండును, ఒకచోట పెండ్లి, మరియొకచోట భూస్థాపన. ఈ జాగును ముందే ఊహించి, "ఐదు గంటల ప్రాంతమున" అని వ్రాసియుండవలసినది. ఆయన చేతిసంచిలో రెండు చిన్న లోహపు డబ్బీలు. ఒకదానిలో దివ్యసత్ప్రసాదము, రెండవదానిలో తైలములో తడిసిన దూది. ఈ తైలమును పవిత్ర వారమున బిషపుగారు మేత్రాసన గురువులందరి నడుమ ఆశీర్వదించి విచారణలకు పంపుదురు. కుమార్తె ఇంటినుండి సిలువను, తెల్లని గుడ్డను, రెండు కొవ్వొత్తులను తెచ్చెను. సిలువను, గుడ్డను మంచము ప్రక్కనున్న బల్లపై నుంచిరి. కొవ్వొత్తులను మాత్రము వార్డు సిస్టరు తీసికొని తన సొరుగులో పెట్టెను. ఆక్సిజన్ పారుచున్న చోట నిప్పు వెలిగించుట ప్రాణాంతకము. కొవ్వొత్తి లేనందున సంస్కారమునకు వచ్చు లోపమేమియు లేదు.

పాపసంకీర్తన సమయమున అందరము బయటికి వచ్చితిమి; కర్టెను లాగిరి. లోపల రోగి మాస్కుతో గట్టిగా పలుకలేడు. ఫాదరుగారు చెవి ఆయన నోటికి దగ్గరగా ఆనించి వినిరని తరువాత తెలిసినది. పలుకుటకే శక్తి లేనివాడు తలయూపినను, చేయి నొక్కినను, పశ్చాత్తాపము తెలియబడుచున్నంతకాలము గురువు పాపక్షమాపణ ఇచ్చును. మేము లోనికి పోవునప్పటికి ఫాదరుగారు రోగి తలపై చేతులుంచి ఏమియు పలుకక నిలుచుండిరి. ఈ మౌనము విధిలోని భాగమే. దానిని చూచి ఫాదరుగారు ప్రార్థన మరచిరని ఎవరును పాట ఎత్తుకొనరాదు. నొసటిమీదుగా పోవుచున్న మాస్కు పట్టీని సిస్టరు వ్రేలెడు పైకి జరిపెను. ఆ జరిగిన చోట, పట్టీ ఒత్తిడిచేత ఎఱ్ఱని గాడి పడియున్న చర్మముమీద, ఫాదరుగారు బొటనవ్రేలితో సిలువ ఆకారమున తైలము పూసిరి. ఎడమచేతికి సూది గుచ్చి ప్లాస్టరు అంటించియుండుటచేత రోగి తానే అరచేయి పైకి త్రిప్పెను. అది నేను ప్రక్కనుండి చూచితిని. పాఠశాలలో నలుబది సంవత్సరములు సుద్దముక్క పట్టిన చేయి అది అని అతని భార్య మెల్లగా అనెను.

దివ్యసత్ప్రసాదమునకు ముందు ఫాదరుగారు సిస్టరును అడిగిరి: మింగగలరా? మాస్కు ఎంతసేపు తీయవచ్చును? ఈ రెండు ప్రశ్నలును అడుగవలసినవే. ఆమె మంచపు తలభాగమును పైకెత్తి, మాస్కు తీసి, ఆక్సిజన్ అంకెను చూచుచు నిలుచుండెను. ఫాదరుగారు బియ్యపుగింజయంత తునకను నాలుకపై నుంచి, చెంచాడు నీరిచ్చిరి. అంతమాత్రమున సంపూర్ణ దివ్యసత్ప్రసాదమే అందినట్లు మా విశ్వాసము. పెద్దముక్క పెట్టవలెనన్న పట్టుదలతో పొలమారించుట భక్తి కాదు. రోగికిని, ఆయనకు శుశ్రూష చేయువారికిని ఉపవాస నియమము వర్తింపదు గనుక అప్పుడే మందు తాగెనా, గంజి తాగెనా అని ఎవరును విచారింపనక్కరలేదు. చివర, మరణకాలమున గురువు ఇచ్చుటకు అధికారము గల సంపూర్ణ దండవిమోచనమును ఫాదరుగారు ఒసగిరి. అప్పుడు కువైట్‌కు ఫోను కలిపిరి. అన్న తెరమీద కనబడగానే తండ్రి చేయి కొంచెము పైకెత్తెను. అందరము పరలోకజపము చెప్పితిమి. లూథరను మేనత్త తాను నేర్చిన పాఠమునే తాను చెప్పెను; మాటలు ఒకటి రెండుచోట్ల కలియలేదు, ఎవరును పట్టించుకొనలేదు. యాకోబు లేఖలోని ఆ మాటలు తన బైబిలులోను ఉన్నవని మధ్యాహ్నమే చెప్పియుంటిమి గనుక ఆమె నూనె సంగతి మరల ఎత్తలేదు.

అన్ని కుటుంబములకును ఇంత వ్యవధి చిక్కదు. రోగికి తెలివి తప్పినచో ఏమి చేయవలెనని చాలమంది అడుగుదురు. తెలివియున్నప్పుడు అతడు కోరియుండువాడే అను నమ్మకమున్నచో అభ్యంగనము ఇయ్యవచ్చును. దివ్యసత్ప్రసాదము మాత్రము ఇయ్యరు. అప్పుడు కబురులో, "నాన్నగారికి తెలివి లేదు, అయినా ఫాదరు గారు వచ్చి తైలం పూసి ప్రార్థన చేస్తారు" అని ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను. వచ్చి పలుకరింపబోయి పలుకనందుకు నిర్ఘాంతపోవుటకంటె అది మేలు. గురువు వచ్చునప్పటికి ప్రాణము పోయియున్నచో, మృతునికి అభ్యంగనము లేదు. పోయినదో లేదో సందేహమైనచో పూయుదురు. నిశ్చయమైనచో గురువు మృతునికొరకు ప్రార్థనలు మాత్రము చేయును. ఈ సమయమున బంధువులు ఆయనపై కోపించి, "ఇంత దూరం వచ్చి నూనె రాయరా?" అని వాదించుటను చూచితిని, గురువు నిస్సహాయుడు, ఆ సంస్కారము జీవించియున్నవారిది.

ఫాదరుగారు దొరకకపోయినచో ఉపదేశినైన నేను పూయరాదా అనియు నన్ను అడిగిరి. పూయరాదు. ఉపదేశికిని, మఠకన్యకును, చివరకు డీకనునకును ఆ అధికారము లేదు. బిషపుగారికిని గురువులకును మాత్రమే కలదు. ఫోనుద్వారా అభ్యంగనమును జరుగదు, పాపసంకీర్తనమును జరుగదు. కాని చేయి ముడుచుకొని కూర్చుండవలసిన పనిలేదు. ఆసన్నమరణులకొరకైన ప్రార్థనలను ఇంటివారే చదువవచ్చును. సిలువను చేతికిచ్చి ముద్దిడింపవచ్చును. పశ్చాత్తాపజపమును చెవిలో మెల్లగా చెప్పవచ్చును. జీవితకాలమున కొంతైనను ప్రార్థించు అలవాటుండి, తగిన మనస్సుతో నున్న కథోలికునకు గురువు లేకున్నను మరణవేళ సంపూర్ణ దండవిమోచనమును శ్రీసభయే ఒసగుచున్నది. 2020లో కరోనా వ్యాధికాలమున గురువులు వార్డులలోనికి పోలేకపోయినప్పుడు, ఆ సంవత్సరము మార్చిలో రోమునుండి వెలువడిన ఆజ్ఞాపత్రము ఈ సంగతినే మరల జ్ఞాపకము చేసినది. అట్టి సందర్భమున బంధువులకు పంపు కబురులో "ఫాదరు గారు రాలేకపోయారు" అని మాత్రమే వ్రాసి ఊరకున్నచో వారికి అంతయు పోయినట్లుండును. మనము ఏ ప్రార్థన చెప్పితిమో అదియు వ్రాయవలెను.

మా ఉపాధ్యాయుడు అటుపిమ్మట మూడు దినములు బ్రదికెను. కువైట్ కుమారుడు రెండవనాటి రాత్రి చేరెను, తండ్రితో మాటలాడగలిగెను. ప్రాణము పోయిన తరువాతనే పల్లెలో గంట మ్రోగెను. రెండవ కబురు చదివిన పిమ్మట ఆసుపత్రికి ఫోను చేసినవాడు ఒక్కడును లేడు.

శ్రోతలారా, మీలో కథోలిక కుటుంబములవారికి నాదొక మనవి. పెద్దవారిని ఆసుపత్రిలో చేర్చిననాడే వార్డు సిస్టరుతో రోగి కథోలికుడని చెప్పి, కేసుషీటులో వ్రాయింపుడు. విచారణ గురువు ఫోను నంబరును ప్రక్కనుండు ముగ్గురి ఫోనులలోనైనను ఉంచుడు. జబ్బు ప్రమాదకరమని వైద్యుడు చెప్పిననాడే, రోగితో మీరే ముందు మాటలాడి, ఆయన అంగీకారము తీసికొని గురువును పిలువుడు. రోగికి చెప్పిన తరువాతనే బంధువులకు వ్రాయుడు. వ్రాయునప్పుడు ఆయన బ్రదికియున్నారను మాటను మొదట వ్రాయుడు.